కాలక్రమం ప్రశ్న: 1953 రెండుసార్లు వస్తే పిల్లలు ఎక్కడ తడబడ్డారంటే

కావలి సోషల్ టీచర్

అందరికీ నమస్కారం. పదో తరగతికి స్లిప్ టెస్ట్ పెట్టాను. అందులో ఒక బిట్టు గురించి మీ అందరి మాటా వినాలని రాస్తున్నాను. బిట్టు ఇది:

కింది వాటిని కాలక్రమంలో అమర్చండి.
అ) ఆంధ్రప్రదేశ్ అవతరణ
ఆ) పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ
ఇ) ఆంధ్ర రాష్ట్ర అవతరణ
ఈ) రాష్ట్రాల పునర్విభజన సంఘం నియామకం

1) ఆ-ఇ-ఈ-అ
2) ఇ-ఆ-అ-ఈ
3) ఈ-ఇ-ఆ-అ
4) అ-ఈ-ఆ-ఇ

సరైనది ఒకటో జవాబు. క్లాసులో చాలామంది అదే పెట్టారు. నాకూ సంతోషమేసింది. మర్నాడు పాఠం తిరగేస్తూ, "పునర్విభజన సంఘం వేయబట్టే మనకు ఆంధ్ర రాష్ట్రం వచ్చిందా?" అని ఊరికే అడిగాను. బిట్టు కరెక్టుగా పెట్టినవాళ్ళలోనే ఎక్కువమంది "అవును టీచర్" అన్నారు. ముందు వచ్చిన రాష్ట్రానికి తర్వాత వేసిన సంఘం ఎలా కారణమవుతుందని ఒక్కరికీ అనుమానం రాలేదు. వీళ్ళకు వరస తెలియకుండానే మార్కు ఎలా పడింది? ప్రశ్నలో తప్పు ఎక్కడుంది?

ఆత్మకూరు డీఎస్సీ

మేడమ్, ఇలాంటివి గుర్తుండాలంటే సంవత్సరాల చివరి రెండంకెలు పట్టుకోవాలి. 52, 53, 53, 56. నేను గోడమీద చార్టు అంటించుకున్నా. శ్రీబాగ్ 37, జేవీపీ 49 కూడా కలిపి ఆరు అంకెలు పాటలాగా పాడుకుంటే పరీక్షలో మర్చిపోరు. కావాలంటే చార్టు ఫొటో పెడతాను.

కావలి సోషల్ టీచర్

తమ్ముడూ, పిల్లలకు గుర్తుండటం లేదన్నది నా బాధ కాదు. గుర్తుంది. గుర్తుండి కూడా ఏది దేని వెనక వచ్చిందో తెలియడం లేదు. నా ప్రశ్న ఆ తేడాను పట్టుకోలేకపోయింది.

కోవూరు లెక్కల మాస్టారు

టీచర్ గారూ, నాకు సోషల్ రాదు గానీ మీ జవాబుల వరసలు చూశాను. నాలుగింటిలో 'ఆ'తో మొదలయ్యేది ఒక్కటే. శ్రీరాములు గారు అందరికంటే ముందని తెలిసినవాడికి మిగతా మూడు చూడాల్సిన పనే లేదు. అంటే మీరు అడిగింది నాలుగు ఘటనల వరస, పిల్లాడు వాడింది ఒక్క ఘటన.

లెక్కల్లోనూ ఇదే జరుగుతుంది. జవాబుల్లో ఒక్కటే సరి సంఖ్య ఉంటే గుణకారం చేయకుండానే టిక్ పెట్టేస్తారు.

ఉదయగిరి కొత్త టీచర్

సార్ చెప్పింది నిజం. కానీ అసలు రోగం తేదీలే అంటాను నేను. సంవత్సరాల మాటే ఎత్తకూడదు. పాఠంలోనూ వద్దు, ప్రశ్నలోనూ వద్దు. కథలా చెబితే వరస దానంతటదే వస్తుంది. నేను ఈ ఏడు నుంచి క్లాసులో తేదీలు చెప్పడం మానేశాను.

ఒంగోలు పెద్దమాస్టారు

రిటైరయ్యాను గానీ ఈ విషయం అంటే ఊరుకోలేను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు కావలి టీచరమ్మ ప్రశ్నను బాగుచేద్దాం. ఘటనలు అవే ఉండనివ్వండి. జవాబులు మాత్రం ఇలా మార్చండి:

1) ఆ-ఇ-ఈ-అ
2) ఆ-ఈ-ఇ-అ
3) ఈ-ఆ-ఇ-అ
4) ఆ-ఇ-అ-ఈ

ఇప్పుడు మూడు జవాబులు శ్రీరాములు గారితోనే మొదలవుతున్నాయి. మూడు ఆంధ్రప్రదేశ్‌తోనే ముగుస్తున్నాయి. మొదటిదీ చివరిదీ తెలిసినంత మాత్రాన గట్టెక్కలేరు. తప్పు జవాబులు మూడూ ఊరికే కలిపేసినవి కావు, ఒక్కోదాని వెనక ఒక్కో అపోహ ఉంది. రెండోది పెట్టినవాడు సంఘం చెబితేనే ఆంధ్ర రాష్ట్రం ఇచ్చారనుకుంటున్నాడు. మూడోది పెట్టినవాడు సంఘం వేశాక దానిమీద ఒత్తిడికి నిరాహారదీక్ష జరిగిందనుకుంటున్నాడు. నాలుగోదాన్ని ఎంచుకున్నవాడికి ఆ సంఘం దేనికి వేశారో బొత్తిగా తెలియదు. పేపర్లు దిద్దాక ఎవరు ఏది పెట్టారో విడివిడిగా లెక్కేసుకుంటే, మర్నాడు క్లాసులో ఏం చెప్పాలో తెలుస్తుంది.

జరిగిన వరస ఇది. 1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి గారింట్లో దీక్ష మొదలైంది. డిసెంబరు 15 రాత్రి శ్రీరాములు గారు కన్నుమూశారు. నాలుగు రోజులకు, 19న, నెహ్రూ ప్రకటన చేశారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా, మన ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. అది చూసి మిగతా భాషలవాళ్ళు మాకూ కావాలన్నారు. అందుకే అదే ఏడాది డిసెంబరులో ఫజల్ అలీ అధ్యక్షుడిగా సంఘం వేశారు. సంఘం మనకు రాష్ట్రం ఇవ్వలేదు, మన రాష్ట్రం రావడం వల్లే సంఘం వేయాల్సి వచ్చింది. పిల్లలు తలకిందులు చేసుకుంటున్నది ఈ ముడినే.

ఉదయగిరి కొత్త టీచర్

మాస్టారూ, అక్కడే నాకు పేచీ. ఇ, ఈ రెండూ 1953లోనివే. ఇప్పుడు సంవత్సరం గుర్తున్నవాడికి కూడా సరిపోదు, అక్టోబరా డిసెంబరా అన్నది కూడా గుర్తుండాలి. బట్టీ తగ్గించబోయి నెలలు కూడా బట్టీ పట్టిస్తున్నాం కదా?

ఒంగోలు పెద్దమాస్టారు

మంచి ప్రశ్న వేశావబ్బాయ్. దానికి విరుగుడు తేదీలు దాచడంలో లేదు, ఇచ్చేయడంలో ఉంది. ప్రశ్నలోనే ప్రతి ఘటన పక్కన సంవత్సరం అచ్చువేయి. ఆత్మార్పణ 1952, ఆంధ్ర రాష్ట్రం 1953, సంఘం నియామకం 1953, ఆంధ్రప్రదేశ్ 1956. చార్టు అంటించుకున్నవాడికీ అంటించుకోనివాడికీ ఇప్పుడు తేడా లేదు. రెండు 1953లు పక్కపక్కన నిలబడి ఉంటాయి. అప్పుడు అడుగు: "ఈ రెండింటిలో ఏది ముందు? ఎలా చెప్పగలవు?" నెల గుర్తున్నవాడు నెల రాస్తాడు, రాయనీ. కానీ మార్కు కారణానికే అని ప్రశ్నలోనే రాయి.

తేదీలే వద్దన్న నీ మాట సగం వరకే ఒప్పుకుంటాను. పిల్లాడికి పట్టుకోడానికి మేకులు కావాలి. 1947, 1953, 1956 అన్న మూడు మేకులు గోడకు లేకపోతే మిగతా కథంతా ఎక్కడ తగిలించుకుంటాడు? తేదీలు అసలు చెప్పని క్లాసులో, పొట్టి శ్రీరాములు గారు బ్రిటిష్ వాళ్ళమీద దీక్ష చేస్తూ చనిపోయారని రాసిన పేపర్లు నేను దిద్దాను. ఆయన ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళిన మాట నిజమే కాబట్టి కథలా వింటే అదీ నమ్మేలాగే ఉంటుంది. ఆ రెండింటి మధ్యలో 1947 ఉందని తెలియకే ఆ తప్పు.

పొదిలి కోడలు

నేను టీచర్‌ని కాదండి. మా అబ్బాయి పదోది. వాడికి ఇలాంటి ప్రశ్నకే, ఐదు ఘటనలు వరసగా రాయమంటే, సున్నా వేశారు. పేపరు చూశాను. చివర రావాల్సింది ఒక్కటి మొదట రాశాడు, మిగతా నాలుగూ సరైన వరసలోనే ఉన్నాయి. అడిగితే, "ఒకటో స్థానం తప్పు, రెండో స్థానం తప్పు, అలా ఐదూ తప్పేనమ్మా" అన్నారు. వాడు అన్నం తినలేదు ఆరోజు. ఇది న్యాయమేనా? స్కూలు పేరు చెప్పను, దిద్దిన టీచర్ మంచివారే.

కోవూరు లెక్కల మాస్టారు

న్యాయం కాదమ్మా. ఒక్కటి జరిపితే మిగతా అన్నింటి స్థానమూ మారుతుంది. స్థానాన్ని బట్టి దిద్దితే ఒక్క తప్పుకు ఐదు శిక్షలు పడ్డట్టు.

వరస అంటే నిజానికి జతలు. ఏది దేనికంటే ముందు అన్నదే అసలు ప్రశ్న. పెద్దమాస్టారి నాలుగు ఘటనలే తీసుకోండి. నాలుగు ఘటనల్లో ఆరు జతలుంటాయి. ఒక పిల్లవాడు ఈ-ఆ-ఇ-అ అని రాశాడనుకోండి. స్థానం లెక్కన ఒక్కటే కరెక్టు, చివరి 'అ'. జతల లెక్కన చూడండి: ఈ-ఆ తప్పు, ఈ-ఇ తప్పు, మిగతా నాలుగు జతలూ సరైనవే. ఆ-ఈ-ఇ-అ రాసినవాడికి ఒక్క జతే తప్పు, ఐదు కరెక్టు.

ఇంకో సంగతి. కళ్ళు మూసుకుని రాసినా సగటున సగం జతలు, అంటే మూడు, కుదురుతాయి. కాబట్టి మూడు వరకు మార్కు లేదు. నాలుగు కుదిరితే ఒకటి, ఐదుకు రెండు, ఆరుకు మూడు. వరసకు మూడు మార్కులు ఇచ్చి ఇలా దిద్దొచ్చు. మీ అబ్బాయి ఐదు ఘటనలకు పది జతలు, ఆరు కుదిరాయి. సగం అయిదు తీసేసినా ఒకటి మిగులుతుంది. అంటే పూర్తి మార్కుల్లో ఐదో వంతు. ఎక్కువేం కాదు గానీ సున్నా మాత్రం కాదు.

కావలి సోషల్ టీచర్

సార్, లెక్క బాగుంది. కానీ రెండు సెక్షన్ల పేపర్లు రాత్రికి దిద్దాలంటే ఒక్కో పేపర్లో ఆరు జతలు చూడటం నా వల్ల అవుతుందా?

కోవూరు లెక్కల మాస్టారు

నాలుగు ఘటనలకు మొత్తం వరసలు ఇరవై నాలుగే. ఒక కాగితం మీద ముందే రాసి పక్కన మార్కు వేసుకోండి. ఆ కాగితం పక్కన పెట్టుకుని దిద్దితే చాలు. ఐదు ఘటనలైతే నూట ఇరవై వరసలు, అది కష్టం. అందుకే నాలుగుకు మించి పెట్టొద్దంటాను.

కావలి సోషల్ టీచర్

మీ మాటలు విని కొత్త ప్రశ్న తయారుచేశాను. మొదటి భాగం పెద్దమాస్టారు చెప్పినట్టు సంవత్సరాలు ఇచ్చేసి. రెండో భాగంలో ఒక ఉత్తరం పెట్టాను. ఇది నేను అల్లిన ఉత్తరమని ప్రశ్నలోనే రాస్తాను, నిజం ఉత్తరమని పిల్లలు అనుకోకూడదు.

"పొదిలి నుంచి మీ నాయన రాయునది. ఇక్కడ అందరం క్షేమం. పొలం కాగితాల పని మీద జిల్లా కచేరీకని నెల్లూరు పోయొచ్చా. మనకు మద్రాసు లేకుండా పోయింది కదా, రాజధాని కర్నూల్లో పెట్టారు, హైకోర్టేమో గుంటూరంట. ఢిల్లీ నుంచి సంఘం వాళ్ళొచ్చి ఏ భాష వాళ్ళు యాడుండాలో అందరినీ అడుగుతున్నారంట. నీకు పంపిన బొరుగుల ఉండలకు రెండణాలయింది. జాగ్రత్తగా చదువుకో."

ప్రశ్న: పై నాలుగు ఘటనల్లో ఏ రెండింటి మధ్య ఈ ఉత్తరం రాసి ఉండాలి? ఏయే మాటల్ని బట్టి చెప్పావో రాయి.

కర్నూలు రాజధాని కాబట్టి 1953 అక్టోబరు తర్వాత. సంఘం తిరుగుతోంది కాబట్టి ఆ డిసెంబరు తర్వాత. హైదరాబాదు మాట లేదు, కర్నూలే రాజధాని కాబట్టి 1956 నవంబరు 1కి ముందు. అంటే ఈ, అ మధ్యలో. అణాలు కూడా పాతకాలం గుర్తు కోసమే పెట్టాను.

ఉదయగిరి కొత్త టీచర్

మేడమ్, ఇది నాకు చాలా నచ్చింది. ఒక్క తేదీ కూడా లేకుండా వరస అడిగారు.

ఒంగోలు పెద్దమాస్టారు

టీచరమ్మా, ప్రశ్న పనికొస్తుంది. రెండు చోట్ల మాత్రం చూసుకోవాలి.

అణాల సంగతి. కొత్త పైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. ఉత్తరంలో "కొత్త పైసలు" అని ఉంటే ఆ తేదీ తర్వాతేనని గట్టిగా చెప్పొచ్చు. కానీ అణా అన్న మాట ఉంటే ఆ తేదీకి ముందేనని చెప్పలేం. పైసలు వచ్చాక కూడా జనం నోట అణా, బేడ, పావలా ఏళ్ళ తరబడి ఆడాయి. నా చిన్నప్పుడు శెట్టి కొట్లో ఆరు పైసలిచ్చి అణా అనే అడిగేవాళ్ళం. ఒక వస్తువు పుట్టిన తేదీ కిందివైపు హద్దు వేస్తుంది, అది చెలామణీ పోయిన తేదీ మాత్రం దాని పేరుకు పైవైపు హద్దు వేయదు. పిల్లవాడు అణాలను బట్టి 1957కి ముందని రాస్తే మార్కు వేస్తారా వేయరా? ఆ తగవు రాకుండా ఆ వాక్యం తీసేయండి. లేదా ఉంచి, "ఈ ఉత్తరంలో కాలం చెప్పడానికి పనికిరాని మాట ఏది?" అని వేరే ప్రశ్న వేయండి. నాకు రెండోదే ఇష్టం.

పొదిలి సంగతి. ఇప్పటి పిల్లలు పొదిలి వాళ్ళు జిల్లా పనికి నెల్లూరు పోవడమేంటి, టీచర్ తప్పు రాశారంటారు. అప్పట్లో పొదిలి, దర్శి, కనిగిరి, కందుకూరు నెల్లూరు జిల్లావే. ఒంగోలు గుంటూరు జిల్లా, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లా. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో ప్రకాశం పేరు పెట్టారు. కాబట్టి మీ వాక్యం సరైనదే, 1970కి ముందని కూడా చెబుతుంది. కానీ కర్నూలు రాజధాని మాట అంతకంటే దగ్గరి హద్దు వేస్తోంది కాబట్టి ఇక్కడ దానివల్ల కొత్తగా తెలిసేదేమీ లేదు. ఏ గుర్తు ఎక్కువ బిగిస్తుందో చెప్పగలగడమే కాలక్రమంలో అసలైన తెలివి. అది అడగండి.

పొదిలి కోడలు

మాస్టారూ, ఇది చదివి మా అత్తమ్మను అడిగాను. పెళ్ళయి వచ్చిన కొత్తలో రిజిస్ట్రీ పనులకు పెద్ద ఆఫీసంటే నెల్లూరేనంట. బస్సులో తెల్లారి బయల్దేరితే పొద్దుగూకి వచ్చేవాళ్ళంట. మా అబ్బాయి పక్కనే కూర్చుని, "అయితే నాన్నమ్మ పెళ్ళి 1970కి ముందే అయింది" అన్నాడు. వాడంతట వాడే.

ఒంగోలు పెద్దమాస్టారు

అమ్మా, వాడికి వరస వచ్చింది. కాకపోతే ఒక చిన్న అనుమానం వాడికి నేర్పండి. జిల్లా మారినంత మాత్రాన పాత రికార్డులన్నీ ఒక్కరోజులో ఒంగోలు వచ్చేస్తాయా? ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ ఉండొచ్చు. అత్తమ్మగారిని పెళ్ళి ఏ ఏడాదని అడిగి సరిచూసుకోమనండి.

కావలి సోషల్ టీచర్

ఈరోజు పెట్టాను. రెండో భాగం అనుకున్నదానికంటే బాగా రాశారు. మొదటి భాగంలో మాత్రం ఒక జవాబు దగ్గర ఆగిపోయాను. ఒక అమ్మాయి ఆ-ఈ-ఇ-అ పెట్టి, కారణం ఇలా రాసింది:

"శ్రీరాములు గారు చనిపోయాక ప్రభుత్వం ఎలా ఇవ్వాలో చూడమని ఒక పెద్దాయన్ని వేసింది. ఆయన చెప్పాక రాష్ట్రం ఇచ్చారు. కాబట్టి సంఘం ముందు, రాష్ట్రం తర్వాత."

వరస తప్పు. కానీ కారణం చూస్తే ఆలోచించి రాసినట్టుంది. కారణానికి రెండు మార్కులు పెట్టాను. వేయాలా?

ఉదయగిరి కొత్త టీచర్

వేయకూడదు మేడమ్. వరస తప్పయినప్పుడు కారణం ఎలా ఒప్పవుతుంది? తప్పు వరసకు ఎవరైనా ఏదో ఒక కథ అల్లగలరు. దానికి మార్కిస్తే రేపు అందరూ కథలు రాస్తారు.

ఒంగోలు పెద్దమాస్టారు

ఆ అమ్మాయి అల్లలేదబ్బాయ్. అది జరిగింది. నెహ్రూ ప్రకటన తర్వాత, రాజస్థాన్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి వాంఛూ గారిని ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటులో వచ్చే ఆర్థిక చిక్కులూ మిగతా విషయాలూ చూడమని వేశారు. 1953 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చారు, అక్టోబరులో రాష్ట్రం వచ్చింది. ఆ అమ్మాయి వాంఛూ గారిని ఫజల్ అలీ సంఘం అనుకుంది. వరస తెలుసు, పేరు తారుమారైంది.

నేనైతే రెండులో ఒకటి వేసి, పక్కన "ఈ పెద్దాయన ఎవరు?" అని ఎర్ర సిరాతో రాస్తాను.

అన్నట్టు, చివరి ముడి గురించి కూడా హెచ్చరిక. సంఘం తర్వాత ఆంధ్రప్రదేశ్ వచ్చింది నిజమే. కానీ సంఘం వెంటనే కలపమని చెప్పలేదు. తెలంగాణను కొన్నాళ్ళు వేరుగా హైదరాబాదు రాష్ట్రంగా ఉంచి, 1961 ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే కలపొచ్చంది. "సంఘం చెప్పడం వల్ల ఆంధ్రప్రదేశ్ వచ్చింది" అని రాసినవాడికి పూర్తి మార్కు వేస్తే మనమే తప్పు నేర్పినట్టు. 'తర్వాత' వేరు, 'వల్ల' వేరు.

ఉదయగిరి కొత్త టీచర్

వాంఛూ సంగతి నాకు తెలియదు మాస్టారూ, ఒప్పుకుంటున్నాను. అయినా ప్రశ్నలో పునర్విభజన సంఘం అని పూర్తి పేరు రాసి ఉంది. పేరు చదివి అర్థం చేసుకోవడం కూడా పరీక్షలో భాగమే కదా. నేనైతే వేయను.

కోవూరు లెక్కల మాస్టారు

వరసకు నా లెక్కన ఐదు జతలు కుదిరాయి, రెండు మార్కులు ఎలాగూ వస్తాయి. కారణానికి కూడా వేస్తే మూడు. కారణం పూర్తిగా ఒప్పుగా రాసి వరస రాయడం మర్చిపోయినవాడికి రెండే వస్తాయి. ఆ ఇద్దరిలో ఎవరికి ఎక్కువ తెలుసో చెప్పండి, ఆ తర్వాత వేయండి.

ఆత్మకూరు డీఎస్సీ

మాస్టారూ, నా చార్టులో వాంఛూ లేడు. 53 మూడుసార్లు వస్తుందన్నమాట. ఫిబ్రవరి నివేదిక, అక్టోబరు రాష్ట్రం, డిసెంబరు సంఘం. ఒకదాన్నుంచి ఇంకోదానికి బాణం గుర్తు వేసి మళ్ళీ రాస్తున్నాను. రెండో బాణం మీద "మిగతా భాషలవాళ్ళు అడిగారు" అని రాస్తే సరిపోతుందా?

ఒంగోలు పెద్దమాస్టారు

సరిపోతుంది నాయనా. మొదటి బాణం మీద కూడా ఏదో ఒకటి రాయి.

కావలి సోషల్ టీచర్

ఆ అమ్మాయి పేపరుకు ఇంకా మార్కు వేయలేదు. రేపు పిలిచి ఆ పెద్దాయన పేరు అడుగుతాను. ఎక్కడ చదివిందో కూడా తెలుసుకోవాలి, నేనైతే క్లాసులో చెప్పలేదు.